రాసినట్టు లేని నాటిక

ఆదిశేషయ్య మాస్టారి కలానికి తెలుగంటే ఎంత ప్రేమంటే, ఆయన నాటికల్లో తాగుబోతు కూడా తూలుతూనే చక్కటి గ్రాంథికంలో బాధపడేవాడు. తిరువూరులో ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పక్కనున్న నెమలి ఊరి తిరునాళ్ళలో ఆయన నాటిక ఆడితే జనం అర్ధరాత్రి దాకా కదిలేవాళ్ళు కాదు. అది ఒకప్పటి మాట. ఈమధ్య పరిషత్తు పోటీలకి ఏది పంపినా స్క్రూటినీలోనే, అంటే తొలి వడపోతలోనే, వెనక్కొస్తోంది. జడ్జీలు ఊరికొచ్చి, నాటిక చూసి, కాఫీ తాగి, "భాష అద్భుతమండీ" అని మెచ్చుకుని వెళ్ళిపోతారు. తర్వాత వచ్చే ఉత్తరంలో సెలెక్టయిన నాటికల్లో ఈయనది ఉండదు.

ఈసారి కూడా పోతే ఆయన నడిపే నాటక సమాజం మూసేద్దామని సభ్యులంతా తేల్చేశారు. హాలు అద్దెకీ, తెరలకీ తలా కొంత వేసుకునేవాళ్ళు విసిగిపోయారు. మాస్టారు ఎదురు చెప్పలేదు. "ఆఖరిది ఒకటి రాస్తాను. హైదరాబాదులో ఫ్లాటు, మొగుడూ పెళ్ళాం, ఇద్దరూ ఒకే కంపెనీ" అన్నాడు. ఆ పెళ్ళాం వేషం గ్లోరికి ఇచ్చాడు.

గ్లోరి ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. హైదరాబాదు కంపెనీ ఉద్యోగం తిరువూరులోని తన ఇంట్లోంచే చేస్తుంది. మొదటి రోజు రిహార్సల్లో తన మాటలు చదివి నవ్వాపుకోలేక దగ్గు నటించింది. "ఏమండీ, కార్యాలయమున పని ఒత్తిడి వలన మిక్కిలి అలసితిని" అని రాసినంత పని చేశాడాయన. పక్కన మొగుడి వేషం వేస్తున్న కిరీటి మాత్రం నవ్వాపుకోలేదు. అతనికి మెయిన్ రోడ్డులో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుంది, హైదరాబాదులో చాలాకాలం ఉండొచ్చాడు.

"మాస్టారూ, అక్కడెవరూ ఇలా మాట్లాడరండి. ఇంగ్లీషు కలపాలి" అన్నాడు.

మాస్టారు కలిపాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది. వారం తిరిగేసరికి ప్రతి వాక్యంలోనూ తూకం వేసినట్టు రెండేసి ఇంగ్లీషు ముక్కలు దిగాయి. "డియర్, ఐ వాంట్ మంచినీళ్ళు" అని ఉన్న చోట గ్లోరికి నిజంగానే దుఃఖం వచ్చింది. ఇంత పెద్దాయన ఇలా కష్టపడుతుంటే ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పక తప్పదు కనక చెప్పింది.

"నీళ్ళు నీళ్ళేనండి మాస్టారూ. వాటర్ బాటిల్ మాత్రం వాటర్ బాటిలే. ఆఫీసుని కార్యాలయం అనం, అమ్మని మదర్ అనం. 'కాల్ చెయ్' అంటాం, 'క్యాన్సిల్ అయిపోయింది' అంటాం. మాట ఇంగ్లీషుదైనా తోక మనదే ఉంటుంది. ఇంక ఎక్కడ ఏది పడుతుందంటే… అది నాకూ తెలీదు. అదంతటదే వచ్చేస్తది."

ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవాళ్ళు. మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "అదంతటదే రాదమ్మా. ఏదో లెక్కుంటుంది. నీకు అభ్యంతరం లేకపోతే మీ వరండాలో కూచుంటాను. నువ్వు ఫోన్లో మాట్లాడుకుంటూ ఉండు. నన్ను పట్టించుకోకు."

అలా రోజూ పొద్దున్నే వచ్చి కూచునేవాడు. రెడ్డిగూడెం నుంచి ఎవరో తెచ్చిచ్చిన మామిడికాయల సంచి ఒకరోజు, చేతులూపుకుంటూ ఒకరోజు. గ్లోరి మేనేజరుతో "ష్యూర్, విల్ డూ" అంటే వినేవాడు. తోటి ఉద్యోగితో "నిన్నే క్లోజ్ చేసేశాం కదరా, మళ్ళీ ఎందుకు రీఓపెన్ చేశారు?" అంటే వినేవాడు. వాళ్ళమ్మతో మాట్లాడితే వినేవాడు, పాలవాడిని కసిరితే వినేవాడు. ఏదీ రాసుకునేవాడు కాదు. పెదాలు మాత్రం కదుపుతూ ఉండేవాడు, పాఠం అప్పజెప్పబోయే పిల్లాడిలా. మొదట్లో గ్లోరికి మొహమాటంగా ఉండేది. తర్వాత ఆయన అక్కడున్న సంగతే మర్చిపోయింది.

ఒకరోజు ఆమె భర్త డానీతో ఫోన్లో ఏదో మాటామాటా పెరిగింది. ఫోన్ పెట్టేసి చూస్తే మాస్టారు లేచి వెళ్ళిపోవడానికి చెప్పులేసుకుంటున్నాడు.

"ఇది వినకూడని మాటమ్మా, నిజానికి ముందే లేవాల్సింది, తప్పయింది" అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. మనసు ఊరుకోనట్టుంది. "కానీ ఒకటి చెప్పనా? నీకు కోపమొస్తే ఇంగ్లీషులోకి వెళ్ళి తలుపేసుకుంటావు. ఓకే, ఫైన్, లీవ్ ఇట్, అని. కోపం దాటి లోపలెక్కడో నొప్పి తగిలితే, అప్పుడు తెలుగులోకి వస్తావు. అప్పుడింక ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా ఉండదు."

గ్లోరి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. పదేళ్ళుగా కాపురం చేస్తున్న డానీకి తెలియదు ఆ సంగతి. ఆమెకే తెలియదు. ఈ మనిషికి చెవులున్నాయా, ఇంకేమైనానా అనుకుంది. ఆ క్షణం నుంచి ఆయన మీద ఆమెకున్నది గురువుగారన్న గౌరవం ఒక్కటే కాదు, ఆ చెవుల మీద నమ్మకం కూడా.

కొత్త ప్రతి వచ్చింది. మొత్తం నాటికంతా తిరగరాశాడు. గ్లోరి తన మాటలు పైకి చదువుతుంటే నోటికి ఎక్కడా అడ్డం పడలేదు. తెగిపోయిన మాటలు, 'అంటే' అని ఆగిపోవడాలు, సగంలో మనసు మార్చుకున్న వాక్యాలు అన్నీ ఉన్నాయి, అన్నీ రాసి ఉన్నాయి. కిరీటి ఓ 'యా' ఎక్కువ అన్నా మాస్టారు ఆపేవాడు. "ఉన్నది అను. నీకు తోచింది ఇంటికెళ్ళి అనుకో" అనేవాడు. పద్యం నేర్పినట్టు నేర్పాడు.

స్క్రూటినీ రోజు బెజవాడ నుంచి ఇద్దరు జడ్జీలు కారులో వచ్చారు. పెద్దాయన సుందరరాజుగారు, ఎన్నో నాటికలు రాసి బహుమతులు గెలుచుకున్న మనిషి. హాల్లో ముందు వరసలో కూచున్నారు. మాస్టారు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

నాటిక మొదలైంది. మొగుడు ఇంటికొస్తాడు.

"ఏంటి, ఇంకా లాప్‌టాప్ ముందే ఉన్నావా? డిన్నర్ ఆర్డర్ పెట్టనా?"

"పెట్టు. అంటే… నాకొద్దులే. నువ్వు పెట్టేసుకో."

"ఏమైంది, హెడేకా?"

"మేనేజర్ కాల్ చేశాడు. పూణే ప్రమోషన్ వేరేవాళ్ళకి ఇచ్చేశారంట. నాకు ఇంట్రెస్ట్ లేదంట కదా. మీ హస్బెండే చెప్పారు అన్నాడు."

"అదా… నేను జస్ట్ క్యాజువల్‌గా అన్నానే. పార్టీలో ఏదో టాపిక్ వస్తే. పాప స్కూలూ అదీ డిస్టర్బ్ అవుద్దని…"

"ఓకే."

"ఓకే అంటే?"

"ఓకే అంటే ఓకే. యూ డిసైడెడ్. ఫైన్. లెట్స్ నాట్ టాక్ అబౌట్ ఇట్."

"సారీ యా. నిజంగా సారీ. రేపు నేను మాట్లాడతా మేనేజర్‌తో."

గ్లోరి చాలాసేపు లాప్‌టాప్ వైపే చూసింది. తర్వాత మూత దించి, మెల్లిగా అంది. "నన్నొక్క మాట అడగాలనిపించలేదా నీకు?"

రెండో జడ్జీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాటిక అయిపోయాక గ్లోరి గుండె తేలికపడింది. గట్టెక్కామనుకుంది.

సుందరరాజుగారు మాత్రం మొహం ముడుచుకుని లేచారు. "ఆర్టిస్టులిద్దరూ చాలా బాగా చేశారు. సందేహం లేదు. కానీ ఆదిశేషయ్యగారూ, మాది రచనకి పెద్ద పీట వేసే పరిషత్తు. ఇందులో రచన ఏదండీ? పిల్లలు నోటికొచ్చింది మాట్లాడుకుంటున్నారు. సన్నివేశం చెప్పి వాళ్ళకొదిలేసినట్టున్నారు. ఇది సెలెక్ట్ చేస్తే రేపు అందరూ రాయడం మానేస్తారు."

గ్లోరికి ఒళ్ళు మండిపోయింది. పుస్తకంలా రాస్తే బతికిన మాట కాదంటారు, బతికిన మాట రాస్తే రాయలేదంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనక్కి చూస్తే మాస్టారు తల వంచుకుని నిలబడ్డాడు. తన తరఫున వాదించుకోవడం ఆయనకి చేతకాదు.

"ఒక్క ముక్క కూడా మేం కలపలేదండీ. అంతా మాస్టారు రాసిందే" అంది గ్లోరి, స్టేజీ మీద నుంచే.

"అన్నీనా? ఆ 'అంటే'లూ, 'అదీ ఇదీ'లూనా?" సుందరరాజుగారు నవ్వారు. "సరేనమ్మా. అయితే ఆ సీను మళ్ళీ చెయ్యండి. ఇప్పుడన్నట్టే అనాలి."

ఆయన కూచోగానే మళ్ళీ మొదలుపెట్టారు. కిరీటికి చెమటలు పోస్తున్నాయి. సమాజం ఉండేదీ ఊడేదీ తన నాలుక మీదుందని అతనికి తెలుసు. లాప్‌టాప్, డిన్నర్, హెడేకు దాకా ఒక్క అక్షరం పొల్లుపోలేదు. గ్లోరి పూణే మాట చెప్పింది. కిరీటి నోరు తెరిచాడు.

"అదా… బట్ నేను జస్ట్ క్యాజువల్‌గా…"

"అక్కడ 'బట్' లేదు కిరీటీ."

వెనక గోడ దగ్గర నుంచి వచ్చిందా మాట. రిహార్సల్లో అన్నట్టే అలవాటుగా అనేసి, జడ్జీలున్న సంగతి గుర్తొచ్చి మాస్టారు నాలిక్కరుచుకున్నాడు. కిరీటి బిక్కమొహం వేశాడు. అంతా అయిపోయిందనుకుంది గ్లోరి.

సుందరరాజుగారు వెనక్కి తిరిగారు. "ఉంటే ఏమవుతుందండీ? అందరూ అనే మాటే కదా?"

"ఉంటే వాడు వాదనకి దిగినట్టండీ" అన్నాడు మాస్టారు, బెరుకుగా. "తప్పు చేశానని తెలిసినవాడు 'బట్' అంటాడు. వీడికింకా తెలీదు. అంత తేలిగ్గా తీసుకున్నాడు గనకే కదా ఆమెకి అంత నొప్పి. 'సారీ' దగ్గర కూడా వాడికి పూర్తిగా తెలీదు. ఆమె తెలుగులో అడిగాక తెలుస్తుంది."

సుందరరాజుగారు మళ్ళీ ముందుకి తిరిగారు. ఒళ్ళో అంతదాకా మూసే ఉన్న నాటిక ప్రతి అప్పుడు తెరిచారు. వేలు పెట్టి వెతుక్కున్నారు. "కానివ్వండమ్మా, అక్కడి నుంచి" అన్నారు, తల పైకెత్తకుండానే. వాళ్ళు చెబుతుంటే ఆయన వేలు వరస వెంట కదిలింది. 'ఓకే' దగ్గర, 'ఓకే అంటే' దగ్గర, 'యా' దగ్గర. చివరి ప్రశ్న గ్లోరి అడిగేసరికి ఆ వేలు కాగితం మీద ఆగిపోయింది.

తర్వాత లేచి, హాలు చివరి దాకా నడిచి వెళ్ళారు. "నేను మిమ్మల్ని అవమానించానండీ" అన్నారు.

మాస్టారు కంగారుగా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, మొహం మాత్రం గ్లోరి ఎన్నడూ చూడనంతగా వెలిగిపోతోంది.

"అయ్యో, అదేం మాటండీ! నేను రాసినవి విని, ఇన్నేళ్ళూ అందరూ 'ఎంత బాగా రాశారండీ' అన్నవాళ్ళే. రాసినట్టు లేదని మీరొక్కరే అన్నారు."