వంటింట్లో ఉన్న ఓటు

సొంత పెళ్ళాం నుంచి "గౌరవనీయులైన కార్యదర్శి గారికి" అంటూ ఉత్తరం అందుకున్న మగాడి మొహం ఎలా ఉంటుందో చూడాలంటే, ఆ అపార్ట్‌మెంట్ సొసైటీ సెక్రటరీని చూడాలి. పళ్ళు తోముకుని వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద రెండు కాపీలున్నాయి. ఒకటి ఆయనకి, రెండోది అందినట్టు సంతకం పెట్టి తిరిగివ్వడానికి.

పోయిన కమిటీ మీటింగు వీళ్ళింట్లోనే జరిగింది. డాబా తలుపుకి శాశ్వతంగా తాళం వెయ్యాలని తీర్మానించారు. ఈయన మినిట్సులో "ఏకగ్రీవంగా" అని రాసేశాడు. తాను ఒప్పుకోలేదనీ, తన అసమ్మతి నమోదు చెయ్యాలనీ ఆ ఉత్తరంలో ట్రెజరర్ కోరుతోంది. ట్రెజరర్ ఎవరో కాదు, ఈవిడే.

"నువ్వప్పుడు వంటింట్లో ఉన్నావు కదే?"

"ఉన్నాను. మీకు టీ పెడుతూ 'నేనొప్పుకోను' అన్నాను. మీకు వినపడింది."

వినపడింది. వినపడిందని ఒప్పుకుంటే ప్రెసిడెంటు ముందు తల కొట్టేసినట్టవుతుంది. సంతకం పెట్టాడు.

తర్వాతి మీటింగూ ఆ హాల్లోనే. పాత మినిట్సు ఖాయం చేసే ముందు సెక్రటరీ ఆ ఉత్తరం చదివాడు. చదువుతూ రెండుసార్లు నీళ్ళు తాగాడు. ప్రెసిడెంటు రిటైర్డ్ ఇంజనీరు. ఆయన ఫ్లాట్ సరిగ్గా డాబా కింద, తాళం ఆయన చిరకాల వాంఛ.

"చూడమ్మా, వంటింట్లో అన్నది ఇంటి మాట. మీటింగు జరిగింది హాల్లో. హాల్లో లేనివాళ్ళకి ఓటేమిటి?"

కమిటీలో నాలుగో మనిషి, మందులషాపాయన, తలూపాడు. ప్రెసిడెంటు ఏమన్నా ఊపుతాడు, ఆయన షాపులో దానికి మందు లేదు.

"సరేనండీ, నేను లేనట్టే రాయండి," అంది ఆవిడ తాపీగా. "ఏడుగురి కమిటీకి నలుగురుంటేనే కోరం. ఆ రోజు నాతో కలిపి నలుగురం. నన్ను తీసేస్తే ఆ తీర్మానమే చెల్లదు."

ప్రెసిడెంటు వేళ్ళ మీద నలుగురినీ లెక్కపెట్టుకున్నాడు.

"అబ్బే, మీరు లేకపోవడమేమిటమ్మా. వంటింటి తలుపు తీసే ఉంది కదా." సెక్రటరీ వైపు తిరిగాడు. "ఒప్పుకోనన్నది మీరు విన్నారా?"

సెక్రటరీకి చెవులు వేడెక్కాయి. భార్య ఆయన వంక చూడటం లేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

"విన్నానండీ. వినే రాయలేదు."

"ఏకగ్రీవంగా" కొట్టేసి, "ముగ్గురు అనుకూలం, ట్రెజరర్ అసమ్మతి తెలిపారు" అని రాశాడు. ప్రెసిడెంటు పక్కన పొట్టి సంతకం పెట్టాడు. తీర్మానం నెగ్గింది. తాళం తాళమే.

అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దుతూ అడిగాడు. "ఎలాగూ నెగ్గేదే కదా, దీనికింత రాద్ధాంతం ఎందుకు?"

"నెగ్గనివ్వండి. నేనూ సరేనన్నానని మాత్రం మీ చేత్తో రాయొద్దు."

ఆయన చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది. ఈ ఇల్లు కొన్నదీ, ఆవిడ ఉద్యోగం మానేసిందీ, పిల్లని హాస్టల్లో వేసిందీ ఒక్కోటీ గుర్తొచ్చాయి. అన్నీ ఇద్దరం కలిసి అనుకున్నామనే పదిమందికీ చెప్పుకుంటూ వచ్చాడు.

"నువ్వు ఉద్యోగం మానేసినప్పుడు..." అని మొదలుపెట్టాడు.

"అప్పుడు మినిట్సు లేవుగా," అని ఆవిడ లైటు తీసేసింది.