రెండు రోజుల తడి

పెనుకొండ దగ్గరి కర్మాగారం షెడ్డులో, ప్రెస్ యంత్రం కోసం పోసిన కాంక్రీటు దిమ్మె పక్కన మధు మూడోసారి కూర్చున్నాడు. వెంట్రుకంత పగుళ్లు, పదకొండు. అవి ఎందుకు వచ్చాయో సైట్ ఇంజనీరుగా అతనికి లెక్కపెట్టక ముందే తెలుసు.

దిమ్మె పోసింది రెండో తేదీన. పది రోజులు దాని మీద కప్పిన గోనెపట్టాలు ఆరకుండా తడపాలి. తడిపే చౌడప్ప ఐదు, ఆరు తేదీల్లో ఊరి జాతరకు పోతానని ముందే చెప్పాడు. మధు సరేనన్నాడు, బదులు మనిషిని పెట్టడం మరిచాడు. వారమంతటి సంతకాలు శనివారం ఒకేసారి చేయడం ఆ సైట్లో అలవాటు. ఆ రెండు రోజులకూ తడిపినట్టే రిజిస్టరులో సంతకం చేశాడు.

ఫోనులో మేనేజరుకు రాసిన సందేశం సగంలో ఆగింది: ‘కూలీ గైర్హాజరు వల్ల...’

“నా పేరే రాసెయ్ సారూ,” అన్నాడు చౌడప్ప, వెనక నుంచి ఫోనులోకి చూసి. “ఈడ కాకుంటే నాకు ఇంకోచోట పని దొరుకుతాది. మీకట్ల కుదరదు.”

“నువ్వు చెప్పే పోయినావు కదన్నా.”

“చెప్పినా. మీరు ఫోను చూసుకుంటా ఊ అన్యారు. ఆ ఊ యాడికి పోతాదో అప్పుడే అనుకున్యా.”

మరుపును క్షమించుకోవడం మధుకు కష్టం కాలేదు. సంతకం అలా కాదు. దాన్ని చేసిన చేయి మేలుకునే ఉంది. సందేశం చెరిపేసి, బండి మీద హిందూపురం బయలుదేరాడు.

ఆఫీసులో మేనేజరు ఐశ్వర్య కాగితాల నుంచి తలెత్తలేదు. “ముప్పైన యంత్రం కూర్చోబెడతాం కదా?”

“కుదరదు మేడమ్. దిమ్మె పగిలింది. రెండు దినాలు నీళ్లు పట్టలేదు. మనిషిని పెట్టాల్సింది నేను. పట్టినట్టు సంతకం చేసిందీ నేనే.”

“అదే కాంక్రీటుతో పోసిన టెస్టు క్యూబులు పాసైనాయే?”

“అవి ల్యాబు తొట్టిలో నానినాయి. దిమ్మె నానలే.”

మధు ఆ ఫలితం చూపించి ఊరుకుని ఉండవచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“కొత్త తేదీ చెప్పు.”

“ధర్మవరం నుంచి మనిషొచ్చి ఎల్లుండి దిమ్మెను తొలిచి, పరీక్షకు కోర్లు తీస్తాడు. ఇరవై ఎనిమిదికి రిపోర్టు. బలం ఉంటే పగుళ్లు పూడ్చి, వచ్చే నెల ఎనిమిదిన కూర్చోబెడతాం. లేకుంటే పగలగొట్టి మళ్లీ పొయ్యాల. ఆ పైన ఇంకో నెల.”

“ఎనిమిదే అని రాయమంటావా?”

“రెండూ రాయండి మేడమ్. ఏది అయితాదో నాకు తెలీదు.”

ఆమె ఫోను తీసి, మరునాడు లారీకి ఎక్కించాల్సిన యంత్రాన్ని పూణేలోనే ఆపమంది. తరువాత అంది: “రేపు చెప్పింటే లారీ దారిలో ఉండేది. ఆ రిజిస్టరు ఇంక నీ చేతిలో వద్దు. సాయంత్రం క్లయింటుకు ఇదే మాట నువ్వే చెప్పు.”

ఉద్యోగం ఉందో లేదో ఆమె చెప్పలేదు. అతను అడగలేదు. వరండాలోకి వచ్చి, ధర్మవరం నంబరు నొక్కి, అవతల ఎత్తేదాకా ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూనే ఉన్నాడు.