ఎప్పుడొస్తాడో అడుగు

భార్య రోశమ్మ చనిపోయిన ఏడు కరుణాకరం చేతిలో మిగిలినవి ఇవి: మార్కాపురం శివార్లలో పలకరాయి పాలిష్ చేసే షెడ్డు, ఆ షెడ్డును తనకంటే జాగ్రత్తగా చూసుకునే బుడే సాహెబ్, మూడు గదుల ఇల్లు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక్కగానొక్క కూతురు హేమలత. నష్టం ఎంతటిదో అందరికీ తెలుసు. అందులోనే ఒక చిన్న లాభం కూడా ఉందని అతను ఎవరితోనూ అనలేదు కానీ లోపల మాత్రం అనుకున్నాడు. ఇంట్లో తనను ప్రశ్న అడిగే మనిషి ఇక లేదు.

నిజానికి రోశమ్మ కూడా అతన్ని ఎన్నడూ నేరుగా అడిగింది లేదు. కరుణాకరం వాళ్లది పుల్లలచెరువు వైపు ఇల్లు. ఆ ఇంటి ఆడవాళ్లు మొగుడి ఎదుట నిలబడి ప్రశ్న వేయరు. మధ్యలో ఎవరో ఒకరుండాలి. రోశమ్మ అత్తకు గోడ ఉండేది, గోడను చూసి అడిగేది. రోశమ్మకు కూతురు పుట్టింది. హేమలతకు మాటలు వచ్చీరాగానే దొరికిన కొలువు అదే. "మీ నాయన ఎప్పుడొస్తాడో అడుగు." "మీ నాయన అన్నం తింటాడో లేదో అడుగు." పిల్ల వంటింటి గడప దాటి వచ్చి, "నాయనా, అమ్మ అడగమంటాంది" అని మొదలుపెట్టేది. కరుణాకరం పిల్లకు చెప్పేవాడు. పిల్ల వెనక్కి మోసుకుపోయేది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకే గదిలో ఉన్నా ఇంతే.

హేమలత ఇంగ్లీషులో తప్పింది. సప్లిమెంటరీలో కూడా తప్పితే చదువు మాన్పించి షెడ్డులో కూర్చోబెడతానని కరుణాకరం చెప్పేశాడు. కోపంతో చెప్పిన మాట కాదు, బేరం తెగనప్పుడు సరుకు వెనక్కి తెచ్చుకోవడం లాంటిది. పిల్ల ఆ వారమే అరుణకుమారి టీచరు దగ్గర ట్యూషన్‌కు చేరింది.

అరుణకుమారి బోధనకు ఒక పద్ధతి ఉంది. తెలుగులో ప్రశ్నను ఒకరి నుంచి ఒకరికి చేరవేయాలంటే చివర ఒక్క అక్షరం మారిస్తే చాలు, 'ఎక్కడుంది' అన్నది 'ఎక్కడుందో' అవుతుంది, మాటలు ఉన్నచోటే ఉంటాయి అని చెప్పేది. ఇంగ్లీషులో అట్లా కుదరదు. అక్కడ మాటలు లేచి చోటు మార్చుకోవాలి. 'వేర్ ఈజ్ ద కీ' అన్నది ప్రశ్న. దాన్ని చేరవేసేటప్పుడు 'షీ ఆస్క్‌డ్ వేర్ ద కీ వాజ్' కావాలి. తాళంచెవి ముందుకు వస్తుంది, 'వాజ్' దాని వెనక్కి పోతుంది. పిల్లలంతా 'వేర్ వాజ్ ద కీ' అనే రాస్తారు. 'డిడ్' ఉంటే అది మాయమై పోవాలి. అవునా కాదా అనే ప్రశ్నకైతే 'ఇఫ్' చేర్చాలి. చివర ప్రశ్న గుర్తు తీసేయాలి. అప్పుడది ప్రశ్న కాదు, కబురు.

"పుస్తకంలోవి వద్దు. మీ ఇంట్లో అడుక్కునే ప్రశ్నలే మార్చి, ఇంట్లో ఎవరికైనా గట్టిగా వినిపించండి" అన్నది ఆమె నియమం.

హేమలత ఇంట్లో వినడానికి ఉన్నది ఒక్కడే.

మొదటి సాయంత్రం కరుణాకరం మంచం మీద కూర్చుని కాళ్లకు అంటిన రాతిపొడి దులుపుకుంటుంటే పిల్ల వచ్చి ఎదుట నిలబడింది. చేతిలో కాగితం లేదు. మెడ కొంచెం ఎడమవైపుకు వాల్చి, వంటింటి దిక్కు చెవి పెట్టి, ఆగి, చెప్పింది.

"షీ ఆస్క్‌డ్ హిమ్ వెన్ హీ వుడ్ కమ్."

పదో తరగతి ఇంగ్లీషు అతనికి గుర్తుంది. అతను ఎప్పుడొస్తాడో ఆమె అడిగింది.

"తప్పు లేదే! ఎవురు నేర్పినారు?"

"ఎవురూ నేర్పలేదు నాయనా. ఇది నాకు ఎప్పుడో వచ్చు."

క్లాసులో కూడా ఈ ఒక్క పాఠంలో ఆమెకు తిరుగు లేకపోయింది. మిగతా పిల్లలు వెనకాముందూ చేసే మాటలు ఆమె నోట వాటంతట అవే వరుసలో కూర్చునేవి. కరుణాకరానికి గర్వంగానే ఉండేది. పెట్టిన చోట మొలక వచ్చిందనుకున్నాడు. అయితే కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాడు. పిల్ల మామూలు మాటలు తగ్గిపోయాయి. అన్నం వడ్డించి కూర్చోదు. నిలబడి మెడ వాల్చి, విని, 'షీ ఆస్క్‌డ్' అంటుంది. చొక్కా ఎందుకు మార్చుకోలేదో ఆమె అడిగింది. మోకాలు నొప్పి తగ్గిందో లేదో ఆమె అడిగింది. మోకాలు నొప్పి గురించి అతను ఎవరికీ చెప్పలేదు.

"ఎవురమ్మా ఆ షీ?"

"వాక్యంలో ఎవురో ఒకరు అడగాల గదా నాయనా" అంది హేమలత, చూపు తిప్పకుండా.

ఆ నెలలో లోడు విషయమై బుడే సాహెబ్‌ను వెంటబెట్టుకుని యర్రగొండపాలెం పోవలసి వచ్చింది. కరుణాకరానికి ఆ ఊరు పోవడం ఇష్టం లేదు. పోక తప్పలేదు. బస్టాండు దగ్గర ఆ టీ కొట్టులోనే కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం. రెండో గ్లాసు టీ చేతికి వచ్చింది. ఫోను మోగింది.

"నాయనా." హేమలత ఆగింది. ఆ ఆగడంలో ఆమె మెడ వాల్చడం అతనికి కనబడింది. "షీ ఆస్క్‌డ్ హిమ్ ఇఫ్ ద సెకండ్ గ్లాస్ ఆఫ్ టీ వాజ్ హాట్."

రెండో గ్లాసు టీ వేడిగా ఉందో లేదో ఆమె అడిగింది.

కరుణాకరం గ్లాసు బల్ల మీద పెట్టాడు. రోడ్డుకు ఆ పక్క చూశాడు, ఈ పక్క చూశాడు. మేకల మంద దాటుతోంది తప్ప ఎరిగిన మనిషి ఒక్కరూ లేరు.

"ఏందన్నా, కూతురు ఇంగ్లీషులో దులుపుతాందా?" నవ్వాడు బుడే సాహెబ్. "మా బిడ్డ హుమేరా ఉర్దూలో దులుపుతాది, నీది ఇంకా నయం. మొగం ఏంది అట్ల పాలిపోయింది? టీలో ఈగ పడినాదా?"

"ఏం లేదు. పద."

"తాగకుండానా? వేడిగా ఉంది, తాగన్నా."

ఆ టీ సంగతి తెలిసిన మనిషి లోకంలో లేడు. రోశమ్మకు గుండె పట్టేసిన మధ్యాహ్నం పిల్ల ఫోను చేసి, "నాయనా, అమ్మ అడగమంటాంది, ఎప్పుడొస్తావో" అంది. "బస్సెక్కినా, దారిలో ఉండా" అన్నాడు. ఎక్కలేదు. ఈ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. మంచి బేరం నడుస్తోంది, ముగించి పోదాం అనుకుని ఇంకో టీ చెప్పాడు. ఇల్లు చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు.

మర్నాడు నేరుగా అరుణకుమారి ఇంటికి పోయాడు. ఆమె వరండాలో పిల్లలకు బోర్డు తుడుస్తోంది.

"ఆ వాక్యాలు నువ్వు ఇస్తాండావా టీచరమ్మా?"

"నేనెందుకు ఇస్తానన్నా? ఇంట్లో అడిగేవే తెమ్మన్నా. మీ ఇంట్లో ఇన్ని ప్రశ్నలు అడిగేదెవురా అని నేనే అనుకుంటాండా." గుడ్డ పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "ఒక మాట చెప్తే ఏమనుకోవద్దు. పాప పక్కన పిల్లలు కూర్చోవడం లేదు. రాసే ముందు అట్ల పక్కకు వంగుతాది చూడు, ఎవురో చెప్తాంటే వింటాన్నట్టు. పిల్లలకు బయమైతాంది."

"పరీచ్చ పాసైతాదా?"

"అదే చెప్దామనుకుంటాండా. పరీచ్చలో మార్చిందాన్ని వెనక్కి కూడా మార్చమంటారు. కబురును మళ్లీ ప్రశ్న చేయాల. అందరికీ అది తేలిక. నీ కూతురు ఒక్కటి కూడా చేయదు. వెనక్కి మార్చాలంటే 'హీ' పోయి 'యు' రావాల. అతను పోయి నువ్వు రావాల. అక్కడికొచ్చేసరికి పెన్ను ఆపుతాది. ఎందుకమ్మా అంటే, 'మా ఇంట్లో నాయనను అట్ల అడగరు మేడం' అంటాది."

"నేర్పు."

"నాకు రాదన్నా. అది నువ్వే నేర్పాల."

ఇంటికి పోయేదాకా కరుణాకరం లెక్క వేసుకున్నాడు. పరీక్ష పోతే పోయింది, షెడ్డు ఉంది. కానీ షెడ్డులో కూర్చునేది ఎవరు? తన కూతురా, మెడ వాల్చి వినే ఈ మనిషా? ఉన్న ఒక్క బిడ్డ, రోజుకు ఒక్కొక్క మాట చొప్పున చేయి జారిపోతోంది. ఇంట్లో ఎవరున్నారన్నది తర్వాత సంగతి. ముందు ఈ పిల్లను మధ్యలోంచి తీయాలి.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. హేమలత గడపలో నిలబడే ఉంది. నోరు తెరవబోయింది.

"ఆగమ్మా. ఆ టీ వాక్యం, దాన్ని వెనక్కి మార్చు. నా మొగం చూసి అడుగు."

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"టీ వద్దులే. 'షీ ఆస్క్‌డ్ హిమ్ వేర్ హీ హాడ్ గాన్.' ఇదిగో, నేనే చెప్తాండా. దీన్ని మార్చు."

"అట్ల అడగగూడదు నాయనా."

"నేనే అడగమంటాండా గదా. అడుగు. నీ ప్రశ్నగా అడుగు."

వంటింట్లో చప్పుడేమీ లేదు. అయినా హేమలత మెడ అటు వాలబోయింది. కరుణాకరం దగ్గరికి పోయి రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. చెంపలు నూతి నీళ్లలా చల్లగా ఉన్నాయి.

"వేర్..." ఆమె ఆగింది. "వేర్ డిడ్ యు గో?" తర్వాత ఒక్కసారిగా ఏడుపు తన్నుకుని వచ్చింది. "యాడికి పోయినావు నాయనా? అంతసేపు యాడున్నావు?"

కరుణాకరం చెప్పాడు. టీ కొట్టు, బేరం, ఎక్కని బస్సు, రెండో గ్లాసు. ఏదీ తగ్గించలేదు. చెబుతున్నంతసేపూ పిల్ల అతని కళ్లలోకే చూసింది. చెప్పడం అయ్యేసరికి అతని చేతుల మధ్య ఆమె చెంపలు మెల్లగా వెచ్చబడ్డాయి.

చివరికి పిల్ల ముక్కు తుడుచుకుని వంటింటి దిక్కు చూసింది. "అమ్మది ఇంకొకటుంది. అడగమంటాంది."

"నువ్వు మోయొద్దు. ఉంటే ఆమెనే అడగమను."

ఆ మాట అన్నాక గాని తానేం అన్నాడో అతనికి తెలియలేదు. ఆ ఇంట్లో ఆడమనిషికి అట్లాంటి అనుమతి ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. గదిలో గాలి కదల్లేదు. అతను చెవులు రిక్కించాడు. వీధిలో ఆటో ఒకటి పోయింది. అంతే.

హేమలత అతన్ని వింతగా చూస్తోంది. "చెప్పవేంది నాయనా?"

"ఏం చెప్పాల?"

"అమ్మ అడిగింది గదా. ఇప్పుడే. నీ ఎదురుగా నిలబడి."

అతను తన ఎదుట ఖాళీగా ఉన్న చోటును చూశాడు. "ఏమడిగింది?"

"నన్నెందుకు అడుగుతావు?" అంది హేమలత. గొంతులో ఎకసెక్కం లేదు, చాలా రోజులకు సొంత గొంతు అది. "నేనిప్పుడు మధ్యలో లేను."

హేమలత సప్లిమెంటరీలో పాసైంది. ముందుకు మార్చింది, వెనక్కి మార్చింది, ఒక్క తప్పు రాలేదని అరుణకుమారి చెప్పింది. రెండో సంవత్సరం చదువుతోంది. ఆమె పక్కన ఇప్పుడు పిల్లలు కూర్చుంటారు. ఇంట్లో కూడా తండ్రిని నిలదీసి అడుగుతుంది. ఎప్పుడొస్తావు, ఎందుకు లేటైంది, ఎవరితో కూర్చున్నావు. బుడే సాహెబ్ విని, "అన్నా, ఇంట్లో సేటు మారినాడే" అని ఎద్దేవా చేస్తాడు. మెడ వాల్చడం పోయింది. వంటింట్లో ఆమె పాటలు పాడుకుంటుంది.

కరుణాకరం తన లెక్క తేల్చుకున్నాడు. వచ్చింది కూతురు. నిండుగా, నోరూ వాయీతో సహా వచ్చింది. అది చిన్న లాభం కాదు, దానికి బదులు ఏం పెట్టమన్నా పెట్టేవాడే. పెట్టింది ఇది: రోజూ దీపాలు పెట్టే వేళకు అతని ఎదుట ఎవరో నిలబడి ఒక ప్రశ్న అడుగుతారు. అతనికి వినబడదు. మోసుకొచ్చి చెప్పే మనిషిని తన చేతులతోనే తప్పించాడు. అందుకని ఆ వేళకు మంచం మీద కూర్చుని, వంటింటి గడప వైపు తిరిగి, తన దగ్గరున్న జవాబులన్నీ మెల్లగా, ఒక్కొక్కటిగా చెబుతాడు. వాటిలో ఏదో ఒకటి సరిపోతుందని.