కుడి ఎడమల ప్యాడ్లు

కోడలు చేసిన ప్రతి పనికీ వంక పెట్టిన మామగారు పోయి నెలైంది. ఆమెకు ఏడుపు రాలేదు.

“నాన్న హెడ్‌ఫోన్స్ నేను వాడుకుంటా, కాస్త బాగుచెయ్యి,” అన్నాడు భర్త.

పొట్టు రాలిన తలపట్టీ తొడుగు మార్చింది. ఎండిన చెమట ఉప్పును ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచింది. చిరిగిన చెవి ప్యాడ్లు ఊడదీసి చూస్తే, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ ఉన్నాయి. చెవి వెనక్కి రావాల్సిన మందపాటి అంచు ముందుకొచ్చి కణత మీద నొక్కేలా ఉంది. కిందటేడు వాటిని బిగించింది తనే.

కొత్తవి సరిగా బిగించింది.

ఏడాదంతా ఆయన కణతలు రుద్దుకుంటూనే ఉన్నారు. “నొప్పా మామయ్యా?” అనడిగితే ఒకటే జవాబు.

“ఏం లేదమ్మా. బాగానే బిగించావు.”