కారం అత్త

టార్పాలిన్ పట్టా లాగగానే చాందీ గుండె ఝల్లుమంది: బండికి తను పెట్టిన పేరు లేదు, ఆ చోట ఎర్ర రంగుతో రెండే మాటలున్నాయి, 'కారం అత్త'.

చెల్పూర్ కరెంటు ప్లాంటు దారి మలుపులో, పాత ఆటో ట్రాలీకి రేకులు కొట్టించి చేయించిన మిర్చి బజ్జీల బండి అది. ఇవ్వాళే మొదలు; సాయంత్రం ప్లాంటు వాళ్లు డ్యూటీ దిగే వేళకు మొదటి వాయి వేయాలి. పేరు కోసం చాందీ నెల రోజులు ఆలోచించి, 'న్యూ రాయల్ చాందీ స్పైసీ స్నాక్స్ పాయింట్' అని రాయమంది. పెయింటర్ రమాకాంత్ తలూపాడు కూడా.

భయం పేరు పోయినందుకు కాదు. మొగుళ్లపల్లి అంగట్లో పాతికేళ్లుగా ఎండుమిర్చి దంచి అమ్మిన తన అత్త మోతీబాయిని జనం చాటుగా పిలిచే పేరు అదే. ఒకసారి ఎవడో ఆమె చెవిన పడేలా అన్నాడు. తూకం రాయి వాడి కాలి పక్కనే పడింది. బజ్జీల్లోకి ఉల్లికారం నూరేది ఆ చెయ్యే. సాయంత్రం ఆ డబ్బా పట్టుకుని ఆటోలో దిగుతుంది. ఈ రాత చూసి డబ్బాతో సహా వెనక్కి తిరిగిందంటే బండి ఇవ్వాళే మూత.

వెంటనే రమాకాంత్‌కు ఫోన్ కొట్టింది.

"నువ్వు చెప్పింది రాసిన అక్కా. మళ్ల మీ ఇంటోళ్లే వచ్చి తుడిపిచ్చిండ్రు. పేరు చెప్పనని ఒట్టేసిన."

ఇంటివాళ్లంటే మిగిలింది మొగుడు. జైసింగ్ నూనె డబ్బా దించుతూ బోర్డు చూశాడు, పడీ పడీ నవ్వాడు.

"నువ్వేనా?" చాందీ జల్లి గరిటె ఎత్తింది.

"నాకేం పట్టింది? అమ్మతోని తన్నులు తినెతందుకా? నీ పేరు నాకే నోరు తిరగలే, రాయల్ అన్నంక ఏముండె?"

గరిటె దించకుండానే రోడ్డు దాటింది. ఎదుటి బజ్జీల బండి సుభాష్‌ది. రమాకాంత్‌కు డబ్బాశ చూపి అలా చెప్పించి ఉండొచ్చు.

"అన్నా, నిజం చెప్పు, గిది నీ పనేనా?"

సుభాష్ ముఖం మాడ్చుకున్నాడు. "నేనైతే నీ గంత పొడుగు పేరు గట్లనే ఉండనిచ్చెటోణ్ని చెల్లె. ఎవడు పిలుస్తడు దాన్ని? పొద్దుగాల సంది నీ పట్టా గాలికి లేసినప్పుడల్ల సదివి నలుగురు బొగ్గు లారీలోళ్లు నన్నే అడిగిరి, కారం అత్త ఎప్పుడు తెరుస్తదని. నా బండికి నాలుగేండ్ల సంది పేరే లేదు, 'ఓ బజ్జీ' అంటరు. గా పేరు నాకిస్తవా?"

చాందీ తిరిగొచ్చి ఓ పాత చీర బోర్డు మీద కట్టింది. గాలికి ఒక కొస ఊడింది. మళ్లీ కట్టింది. ఇంకో కొస ఊడింది.

ప్లాంటు వాళ్లు డ్యూటీ దిగారు. నూనె కాగింది. ఆగకుండానే మెల్లగా పోతున్న లారీలోంచి డ్రైవర్ తల బయటపెట్టి కేకేశాడు.

"కారం అత్తా! నాలుగు ప్లేట్లు కట్టు, లారీ మలుపుకొని వస్తున్న!"

ఇంజను మోత మీంచి, హారన్ల మీంచి ఆ కేక సూటిగా వచ్చింది. సైకిళ్ల మీదివాళ్లు కూడా అందుకున్నారు.

"మెల్లగ అన్నా, మెల్లగ! మీకు దండం పెడత!" అని చాందీ చేతులూపుతుండగానే ఆటో ఆగింది. అద్దాల గాగ్రా తళతళమంది. మోతీబాయి దిగింది, చంకలో డబ్బా.

చీర సరిగ్గా అప్పుడే పూర్తిగా జారి కింద పడింది.

కేకలు ఆగిపోయాయి. జైసింగ్ బండి వెనక నక్కాడు. లారీ తిప్పుకుని వచ్చిన డ్రైవర్ మెట్టు మీదే బిగుసుకుపోయాడు.

"ఎవడ్రా నన్ను పిలిచింది?"

"నే... నేనే అవ్వా. తప్పయింది."

"మెల్లగ పిలిచినవ్. మల్లొకసారి పిలువు, జోర్గ!"

డ్రైవర్ ఈసారి గొంతెత్తి పిలిచాడు. మోతీబాయి తృప్తిగా తల పంకించి, డబ్బా కోడలి చేతికిచ్చింది. గాగ్రా అంచు మీద, అద్దం పక్కన, ఎండిన ఎర్ర రంగు మరక చాందీ కంటబడింది.

"గట్లేం చూస్తవే? నేనే రాయిచ్చిన. మొన్న గీ మూలకు నిలబడి నువ్వు పెట్టిన పేరు పెట్టి ఒర్రిన. రాయల్ కాడికి వచ్చేటాళ్లకు లారీ ప్లాంటు గేటు దాటె, నాకు ఆయాసమొచ్చె. గీ పేరైతే రెండు లారీలు ఎదురెదురొచ్చినా వినవడుతది. పాతికేండ్లు నా ఎనుక నవ్వుకుంట పిలిచిండ్రు గదా, ఇగ నా ముంగట పిలిచి, పైసలిచ్చి, ముక్కులు కారంగ తినాలె!"