మనోళ్లకే అద్దెకు

కడపలో నా ఫ్లాటు తాళాలు ఏసుకుమార్ దగ్గరుంటాయి. నేను దోహాలో ఉంటాను. ఆయన కరెంటు పనీ, పైపుల పనీ తెలిసిన మనిషి. నెలకు రెండువేలిస్తే ఆరేళ్లుగా ఆ ఇంటిని సొంతింటి కంటే బాగా చూసుకుంటున్నాడు. ఒకసారి మా బాత్రూం నీళ్లు కింది ఫ్లాటు సీలింగులోకి దిగాయి. పైపైన తెల్ల సిమెంటు పూయించమన్నాను. వినలేదు. గచ్చు మొత్తం తవ్వించి, పైపు మార్పించి, వారం రోజులు నీళ్లు నిలబెట్టి, కింద తడి లేదని వీడియోలో చూపించాకే టైల్స్ పరిపించాడు. నేను డబ్బు తినేస్తాడేమోనని బిల్లు బిల్లుకూ ఫోటో అడిగేదాన్ని. నా బుద్ధి అట్లాంటిది.

అద్దెకు వచ్చేవాళ్లతో మొదట మాట్లాడేది కూడా ఆయనే. మొదటి రోజే చెప్పాను, మనోళ్లయితేనే ఇవ్వమని. కమలాపురం దగ్గర పొలాలున్న ఇంట్లో పుట్టినదాన్ని కదా, ఆ మాట నా నోట్లోంచి నీళ్లు తాగినంత సులువుగా వచ్చింది. ఆయన సరేనన్నాడు. అప్పట్నుంచి టులెట్ బోర్డు చూసి వచ్చిన ప్రతి ఒక్కరినీ, మీరేమోళ్లు, ఏ కులమని అడిగి, కాదనుకున్న వాళ్లను వెనక్కి పంపేవాడు. ఆ ప్రశ్న అడుగుతున్న మనిషి ఏమోడో నాకు తెలుసు. తెలిసీ అడిగించాను.

ఇంకో సంగతి చెప్పాలి. పోయినేడు ఫ్లాటు ఖాళీ అయినప్పుడు వీడియోలో గదులన్నీ చూపిస్తూ, పూజగది గడప ముందు ఆగిపోయాడు. లోపల బల్బు మాడిపోయిందనీ, వాచ్‌మన్ చేత మార్పిస్తాననీ అన్నాడు. ఇల్లంతా వైరింగు చేసిన మనిషి! నేను ఎందుకని అడగలేదు. పైగా పద్ధతి తెలిసినవాడని మా ఆయనతో మెచ్చుకున్నాను కూడా. థూ, నా బతుకు.

ఈసారి ఫ్లాటు నాలుగు నెలలు ఖాళీగా పడుంది. బ్యాంకు లోను వాయిదా మాత్రం ఆగదు కదా. విసుగొచ్చి ఇంటర్నెట్లో నా నంబరుతోనే ప్రకటన పెట్టాను. రెండోరోజు ఒక అమ్మాయి వాట్సాప్‌లో ఫోన్ చేసింది. పేరు రమణి, ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం. ఓనరు విదేశంలో ఉంటే అద్దె కట్టేవాళ్లే ముప్పై శాతం పైచిలుకు పన్ను పట్టుకుని సర్కారుకు కట్టాలి. ఆ మాట చెప్పగానే పారిపోయే వాళ్లే అందరూ. ఈ పిల్ల నేను చెప్పకముందే, టాన్ నంబరు తీసుకుని పన్ను కడతానని, మిగతా అద్దె ఇండియా బ్యాంకులో నాకున్న ఎన్నారో ఖాతాలో వేస్తానని, ఏడాది చివర నేను రిటర్ను వేసి ఎక్కువైంది వెనక్కి తెచ్చుకోవచ్చని గడగడా చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇల్లు నీకేనమ్మా అనేశాను. తర్వాత అలవాటు ఊరుకోక, ఇంతకూ మీదే ఊరు, మీ నాన్న ఎవరని అడిగాను.

"మీ ఫ్లాటు చూసుకుంటాండే ఏసుకుమార్ మా నాయనే మేడమ్."

నా గొంతు నాకే తెలియకుండా మారిపోయింది. అయ్యో, చెప్పడం మరిచాను, మా తమ్ముడు కడపకు బదిలీ అయ్యి వస్తున్నాడు, వాడికి కావాలంటున్నాడు అన్నాను. రమణి సరే మేడమ్ అని పెట్టేసింది.

రెండు రోజులు ఎవరో తిట్టినట్టు ఒళ్లంతా మంటగా ఉండింది. తిట్టిందెవరూ లేరు, అదే బాధ. మూడోరోజు ఏసుకుమార్‌కు ఫోన్ చేశాను. ఏం చెప్పాలో మాటలు కూడదీసుకునేలోపే ఆయన అందుకున్నాడు.

"మా పిల్ల తెలీక ఫోన్ చేసిందమ్మా, ఏమనుకోవద్దు. నేను వద్దనే చెప్పినా. బయటి దేశాలు చూసిన మనిషి నాయనా, ఆయమ్మ అట్ల అనదు అని నాతోనే కొట్లాడింది."

ఆయనే మళ్లీ, ట్యాంకు కడిగించాననీ, గదులు తుడిపించి పెట్టాననీ చెప్పాడు.

"తమ్ముడు గారు ఎప్పుడొస్తాండారో చెప్తే తాళాలు తీసుకోనొస్తా."

"నాకు తమ్ముడు లేడు ఏసుకుమార్."

"తెలుసమ్మా," అన్నాడు మెల్లగా.

ఇల్లు రమణికే ఇస్తాను, రమ్మని చెప్పు అన్నాను. బతిమాలాను కూడా. వాళ్ల ఆఫీసు దగ్గరే రెండు గదులు చూసుకుని నిన్ననే అడ్వాన్సు ఇచ్చేసిందన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉండుంటే బాగుండేది. తర్వాత, ఎప్పుడూ పని గురించి అడిగినట్టే అడిగాడు.

"టులెట్ బోర్డు మళ్లీ కడతాండానమ్మా. వచ్చినోళ్లను ఏమని అడగమంటారు?"