రేగడి కాని నలుపు

మా మేనేజరు చలపతిరావుగారి దృష్టిలో నేలంటే బొగ్గు మీద దేవుడు పొరపాటున పెట్టిన మూత. గోదావరి దగ్గర మా ఓపెన్‌కాస్టు గనిలో ఆ మూత తీయించి పక్కన గుట్టలు పోయించడమే ఆయన పని. పంట పండే పైమట్టిని ముందుగా తీసి విడిగా దాచాలని నియమం ఉంది. బొగ్గు తొందరలో ఆ నియమాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పైమట్టి గుట్ట అడుక్కి పోయింది, దాని మీద రాళ్లు పడ్డాయి. నేను అక్కడ మట్టీ నీళ్లూ పరీక్ష చేసే కెమిస్టును. ఈ బాపిరాజు ఏం చెప్పినా భయపెట్టడానికే చెబుతాడని ఆఫీసులో నాకో పేరుండేది.

డెబ్భై ఏడులో పైనుంచి ఒత్తిడి వచ్చి, ఒక గుట్టనైనా చదును చేసి సాగులోకి తెచ్చి చూపించాలన్నారు. ఆ పనికి మేస్త్రీగా యాదగిరిని పెట్టారు. అతనిది సంగారెడ్డి దగ్గర రుద్రారం. రేగడి చేను ఫ్యాక్టరీ కిందకి పోతే, అందులో ఉద్యోగమూ దొరకక, కాంట్రాక్టరు వెంట ఇంత దూరం వచ్చాడు. మొదటి పంట పండితే ఆ చదును నేల అతనికే కౌలుకిస్తానని మేనేజరు మాటిచ్చాడు. ఆ మాట విన్నాక అతను తిండి కూడా గుట్ట మీదే తినేవాడు.

ఏం చేయాలో మేనేజరుకి బొమ్మ గీసి మరీ చెప్పాను. బొగ్గు పొరల మధ్యనుంచి వచ్చిన నల్లరాయిలో ఇనుమూ గంధకమూ ఉంటాయి, గాలీ నీరూ తగిలితే అది ఆమ్లం కారుస్తుంది. దాన్ని అడుగున పూడ్చాలి, పైన జిగురుమట్టి పరిచి గట్టిగా తొక్కించాలి. ఆపైన సున్నం కలిపిన మంచిమట్టి వేసి, జనుమూ గడ్డీ పెంచి, ఆ తర్వాతే పంట సంగతి చూడాలి. వాననీరు ఆగకుండా చుట్టూ కాలవ తీయాలి. ఆయన తల ఊపాడు. నేను మా చెల్లెలి పెళ్లికి భీమవరం వెళ్లాను.

తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. నేలంతా నల్లగా నిగనిగలాడుతోంది. జిగురుమట్టి పసుప్పచ్చగా ఉంది, పంటకి పనికిరాదని, దాన్ని యాదగిరి అడుగున వేయించాడు. బుల్‌డోజర్ల కింద నలిగి పొడైన నల్లరాయి అతని కంటికి రేగడిలా కనిపించింది, దాన్నే పైన పరిపించాడు. నల్లరాయి గుట్ట దగ్గరగా ఉంది, డీజిలు కలిసొస్తుందని మేనేజరు సరేనన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. యాదగిరి మొహం చూస్తే మాత్రం తిట్టడానికి నోరు రాలేదు.

“మా తాన గిట్ల నల్లగుంటె ఎరువు గూడ ఎయ్యం సార్,” అన్నాడు.

అది మట్టి కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. తొలకరికి జొన్న మొలిచింది. ఆ పచ్చదనం చూసి అతను నన్నే ఎగతాళి చేశాడు, ఊళ్లో ఉన్న భార్యను వచ్చేయమని కబురంపాడు. అతను గెలవాలనే నేనూ మనసులో కోరుకున్నాను.

వానలు ముదిరేకొద్దీ మొక్కలు కొసలనుంచి మాడాయి. పీకి చూస్తే వేళ్లు పొట్టిగా, నల్లగా ఉన్నాయి. పొలం అంచున కారిన నీరు తుప్పు రంగుకి తిరిగింది, అందులో ముంచిన నీలి లిట్మస్ కాగితం ఎర్రబడింది. కింది వాగులో చేపలు తేలాయి. పోరు పెట్టి కాలవలో సున్నపురాయి పోయిస్తే, దాని మీదా తుప్పు పొర కట్టి రాయి పనిచేయడం మానేసింది. మళ్లీ అంతా తవ్వి, నల్లరాయిని పూడ్చి, కప్పాలన్నాను. చూపించమన్నారు, చూపించాం కదా అన్నాడు మేనేజరు. యంత్రాలు కొత్త గుంట దగ్గరికి వెళ్లిపోయాయి.

యాదగిరి భార్య సంగమ్మ విత్తనాల సంచీ, గిన్నెల మూటా మోసుకుని బస్సు దిగింది. మాడిన మొక్కలన్నీ యాదగిరి అప్పటికే పీకేశాడు. తడిసిన నలుపు చూసి ఆమె మొహం విప్పారింది. మంచి నేల దొరికింది, ఇంకా విత్తలేదేమని అడిగింది.

“గిది మట్టి గాదు సంగమ్మా,” అన్నాడు యాదగిరి. “రాయి. నేనే మీదికి తెప్పించిన.”

ఆమె అర్థంకాక నావైపు తిరిగి, ఎప్పటికి బాగవుతుందని అడిగింది. ఇలా వదిలేస్తే ఆ రాయిలో గంధకం అయిపోయేదాకా కారుతూనే ఉంటుందని, అది మన జీవితాల్లో అయ్యే పని కాదని చెప్పాను. అబద్ధం చెప్పాల్సిందేమో, నాకు తెలియదు.

ఆమె విత్తనాల సంచీని కింద పెట్టలేదు, చంకలోకి ఇంకా దగ్గరికి లాక్కుంది.

“రుద్రారంల గుడిసె పీకేసి ఒచ్చిన,” అంది.